జీడి ఫ్యాక్టరీని అమ్మాలా, విడదీయాలా, వాటా ఇవ్వాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. తాతయ్య పెట్టిన రైస్ మిల్లు, 2017లో నేను పట్టుబట్టి పెట్టించిన జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఉన్నాయి. నాన్న, చిన్నాన్న చెరి సగం వాటాదారులు. మిల్లు చిన్నాన్న చూస్తారు, ఫ్యాక్టరీ నేను చూస్తాను. పోయినేడు లెక్కల్లో ఫ్యాక్టరీకి కోటీ పది లక్షల లాభం వచ్చింది, మిల్లుకు సున్నా. పలాసలో ఒక పెద్ద వ్యాపారి స్టాకుతో సహా ఫ్యాక్టరీకి 7 కోట్లు ఇస్తానంటున్నాడు. బ్యాంకు అప్పు మాత్రం మా మీదే ఉంచాలట. చిన్నాన్న అమ్మేద్దామంటారు. ఆయన ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది. నాకేమో ఫ్యాక్టరీని వేరే కంపెనీ చేసుకుని మా బతుకు మేం బతకాలని ఉంది. మా ఆయన, ‘ఐటీసీ హోటళ్లను విడదీసినట్టు చేస్తే విలువ బయటికొస్తుంది. లేదంటే ఎవరినైనా కోటి పెట్టమని వాటా ఇవ్వు, తర్వాత ఐపీఓకి వెళ్లొచ్చు’ అంటున్నారు. నాన్న ఏమీ మాట్లాడరు. భోజనాల దగ్గర కూడా ఎవరూ నోరు విప్పడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఖాతాల కాగితాలు జతచేశాను. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీరు పంపిన కాగితాలు రెండుసార్లు చూశాను. అమ్మకం సంగతి, విడదీసే సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ‘మిల్లుకు సున్నా’ అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. మీ ఇంట్లో మాటలు ఆగిపోవడానికి సగం కారణం అదేనని నాకు అనిపిస్తోంది.

బ్యాంకులో సరుకు చూపించి అవసరమైనప్పుడల్లా అప్పు వాడుకునే మీ క్యాష్ క్రెడిట్ ఖాతా తాతయ్య రోజుల నుంచి మిల్లు పేరు మీదే ఉంది. ఏడాదంతా చూస్తే సగటున 6 కోట్లు వాడుతున్నారు. పది శాతం చొప్పున 60 లక్షల వడ్డీ. మీ గుమస్తా ఆ మొత్తాన్ని మిల్లు ఖర్చులో రాశాడు. ఇప్పుడు బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు తీసి చూడండి. ఆ 6 కోట్లలో సగటున నాలుగున్నర కోట్లు మీ జీడిపిక్కల్లోనే ఉన్నాయి. పిక్కలు సీజన్లో కొని ఏడాది పొడుగునా కొడతారు కదా. అంటే 45 లక్షల వడ్డీ ఫ్యాక్టరీది. పిక్కల బస్తాలు పెట్టేది మిల్లు గోడౌన్లో. బయట అద్దెకు తీసుకుంటే ఏడాదికి 9 లక్షలు అవుతుందని మీరే ఇంకో కాగితంలో రాశారు. అకౌంటెంటు, వాచ్‌మెన్లు, ఆఫీసు ఖర్చులో ఫ్యాక్టరీ వంతు ఇంకో 6 లక్షలు. మొత్తం 60 లక్షలు.

కోటీ పదిలో ఆ 60 తీసేస్తే ఫ్యాక్టరీకి మిగిలేది 50 లక్షలు. అదే 60 మిల్లుకు కలిపితే మిల్లు లాభం సున్నా కాదు, 60 లక్షలు. కంపెనీ మొత్తం లాభంలో ఒక్క రూపాయి కూడా మారలేదు. అప్పుడూ కోటీ పదే, ఇప్పుడూ కోటీ పదే. ఎవరు ఎవరిని పోషిస్తున్నారన్నది మాత్రం తిరగబడింది. ఇది చదివి మీకు కోపం రావచ్చు. మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ విడదీసిన మర్నాడు బ్యాంకు మేనేజరు మీ ముందు పెట్టే లెక్క ఇదే. అది ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇక మీ ముగ్గురూ చెబుతున్న మూడు దారులు. చిన్నాన్న చెప్పేదాన్ని డైవెస్టిచర్ అంటారు, వ్యాపారాన్ని బయటివాడికి అమ్మేయడం. మీరు అనుకుంటున్నది స్పిన్ ఆఫ్, మన చట్టంలో డీమెర్జర్. మీ ఆయన రెండో సలహా ఈక్విటీ కార్వ్ అవుట్, అంటే ఫ్యాక్టరీని అనుబంధ కంపెనీ చేసి అందులో కొంత వాటా బయటివాళ్లకు ఇవ్వడం. మూడింటినీ ఒకే రెండు ప్రశ్నలతో చూడండి. డబ్బు వస్తే ఎవరి చేతికి వస్తుంది? అయ్యాక వాటాలు ఎవరి దగ్గర మిగులుతాయి?

ఐటీసీ సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అది ఇక్కడ పక్కదారి పట్టిస్తోంది. 2025 జనవరిలో ఐటీసీ హోటళ్లను విడదీసింది. పది ఐటీసీ షేర్లు ఉన్నవాళ్లకు ఒక హోటల్ షేరు వచ్చింది, 40 శాతం ఐటీసీ దగ్గరే ఉంది. విడదీయడం వల్ల ఐటీసీ ఖజానాకు డబ్బేమీ రాలేదు, స్పిన్ ఆఫ్‌లో మామూలుగా రాదు. మరి లాభం ఎక్కడ? సిగరెట్ల మీద వచ్చే డబ్బు హోటళ్లలో పోస్తున్నారని మదుపరులు ఏళ్ల తరబడి విసుక్కున్నారు, ఆ విసుగు షేరు ధరలో కనిపించేది. విడదీస్తే ఎవరికి ఏది కావాలో అది ఉంచుకుంటారు, హోటళ్ల మేనేజరు తన పెట్టుబడికి తానే జవాబు చెప్పుకోవాలి. ఇదంతా లక్షల మంది వాటాదారులు ఉండి, వాళ్లకు లోపలి లెక్క కనిపించని చోట పనిచేసే తర్కం. మీ కంపెనీ వాటాదారులు ఇద్దరు. ఇద్దరూ ఒకే వరండాలో కూర్చుంటారు. మీ షేరుకు తక్కువ ధర కట్టే బజారే లేనప్పుడు బయటికి రావడానికి దాగి ఉన్న విలువ ఏది? రొట్టెను రెండు ముక్కలు చేస్తే రొట్టె పెరగదు. పెరగాలంటే ఆ ముక్క వేరేవాడి చేతిలో ఎక్కువ సంపాదించాలి, లేదా మీ చేతిలోనే ఇప్పటికంటే బాగా నడవాలి. మీ విషయంలో నేను ఈ రెండింటినే వెతికాను.

మొదట పలాస వ్యాపారి. 7 కోట్లు అనగానే పెద్ద అంకెలా ఉంది. అందులో నాలుగున్నర కోట్లు స్టాకు మీద తెచ్చిన అప్పు, అది మీరే తీర్చాలి. మిగిలేది రెండున్నర కోట్లు. ఫ్యాక్టరీ మొత్తాన్ని నడుస్తున్న వ్యాపారంగా ఒకే ధరకు అమ్మితే దాన్ని స్లంప్ సేల్ అంటారు. మీ పుస్తకాల ప్రకారం స్టాకు నాలుగున్నర కోట్లు, యంత్రాలు, షెడ్లు కోటీ ఇరవై లక్షలు, కలిపి ఐదు కోట్ల డెబ్భై. ఏడు కోట్లలో అది పోగా లాభం కోటీ ముప్పై. ఫ్యాక్టరీ పెట్టి మూడేళ్లు దాటింది కాబట్టి దీర్ఘకాల లాభం కింద పన్నెండున్నర శాతం పన్ను, సెస్సు, సర్‌ఛార్జి కలిపి 17, 18 లక్షలు అవుతుంది. చివరికి చేతిలో ఉండేది రెండు కోట్ల ముప్పై రెండు లక్షల చిల్లర. ఆ చెయ్యి మీది కాదు, చిన్నాన్నది కాదు, కంపెనీది. అన్నదమ్ములు పంచుకోవాలంటే డివిడెండుగా తీసుకోవాలి, దాని మీద మళ్లీ ఎవరి స్లాబు ప్రకారం వాళ్లు పన్ను కట్టాలి. చిన్నాన్న ఈ చివరి మెట్టు లెక్కలోకి తీసుకోలేదేమో, ఒకసారి అడగండి.

ఈ ధర మంచిదా? ఫ్యాక్టరీ మీకు ఏటా 50 లక్షలు ఇస్తోంది. పిక్కల ధర ఎప్పుడు ఎటు పోతుందో తెలియని వ్యాపారంలో పెట్టిన డబ్బు మీద 20 శాతం రావాలని ఆశించడం న్యాయమే. ఆ లెక్కన 50 లక్షలకు ఐదు రెట్లు, రెండున్నర కోట్లు. అంటే ఆయన ఇస్తున్నది సరిగ్గా మీ దగ్గర ఉంటే ఎంతో అంతే. పన్ను కలిపితే మీకు కాస్త నష్టం కూడా. మరి ఆయనకు ఎందుకు అంత ఆత్రం? ఆయన దగ్గర ఇప్పటికే పిక్కలు కొనే మనుషులు, పప్పు అమ్మే ఏజెంట్లు, గోడౌన్లు ఉన్నాయి. మీ ఫ్యాక్టరీ కలుపుకుంటే మీరు కడుతున్న కొన్ని ఖర్చులు ఆయనకు ఉండవు. ఏడాదికి 15 లక్షలు మిగులుతాయనుకోండి, అదే ఐదు రెట్లు వేస్తే ఆయన చేతిలో ఫ్యాక్టరీ విలువ ఇంకో 75 లక్షలు ఎక్కువ. విలువ పుట్టేది నిజంగా ఇక్కడే. కానీ 7 కోట్లకే ఇచ్చేస్తే ఆ 75 లక్షలూ ఆయన జేబులోకే పోతాయి. అందులో సగమైనా మనకు రావాలని బేరం ఆడాలి. ఏడుంపావు, ఏడున్నర మధ్య మాట్లాడితే అప్పుడు చిన్నాన్న మాటలో బలం ఉంటుంది. 7 దగ్గర లేదు.

పలాస వ్యాపారి ఒక కాగితంలో ఇంకో షరతు పెట్టాడు. ఐదేళ్లపాటు మీ కుటుంబంలో ఎవరూ జీడి వ్యాపారం చేయకూడదని. దాని ధర కూడా ఆ 7 కోట్లలోనే ఉంది. మీరు పదేళ్లలో నేర్చుకున్న పని ఐదేళ్లు మూలన పెట్టాలి. అందుకని దానికి విడిగా ఎంత ఇస్తారో అడగండి. విడిగా రాస్తే దాని పన్ను తీరు వేరుగా ఉంటుంది, ఆడిటరుతో మాట్లాడాకే ఒప్పుకోండి.

రెండోది, మీ మనసులో ఉన్నది. డీమెర్జర్‌లో మీకు బహుశా ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పన్ను పడకుండా విడదీయాలంటే ఫ్యాక్టరీ ఆస్తులు, దానికి చెందిన అప్పులు అన్నీ పుస్తక విలువకే కొత్త కంపెనీకి వెళ్లాలి. ఎదురుగా కొత్త కంపెనీ షేర్లు పాత వాటాదారులకు పాత నిష్పత్తిలోనే ఇవ్వాలి. అంటే జీడి కంపెనీలో నాన్న సగం, చిన్నాన్న సగం. మిల్లు కంపెనీలోనూ అంతే. కటక్‌లో కంపెనీల వ్యవహారాలు చూసే ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ దగ్గరికి వెళ్లి, విలువలో నాలుగింట మూడు వంతుల అప్పు ఇచ్చినవాళ్ల ఒప్పుదల తెచ్చుకుని, నెలల తరబడి తిరిగి వచ్చాక చూస్తే జీడి కంపెనీ బోర్డు మీటింగులో ఎదురుగా చిన్నాన్నే కూర్చుని ఉంటారు. ఐటీసీ వాటాదారుకు నచ్చకపోతే హోటల్ షేరు మర్నాడు బజారులో అమ్ముకోవచ్చు. మీకు ఆ బజారు లేదు.

‘మిల్లు మీరు తీసుకోండి, ఫ్యాక్టరీ మేం తీసుకుంటాం’ అన్నది దీని తర్వాత ఇంకో మెట్టు. అన్నదమ్ములిద్దరూ తమ షేర్లు ఒకరికొకరు మార్చుకోవాలి. మామూలుగా అయితే అది మార్పిడి, పన్ను పడుతుంది. తగవు తీర్చుకోవడానికి నిజాయితీగా రాసుకున్న కుటుంబ ఒప్పందం అయితే దాన్ని బదిలీగా చూడకూడదని కోర్టులు చాలాసార్లు అన్నాయి. అయితే ఆ వాటాలు వ్యక్తుల పేరున ఉండాలి. కంపెనీ పేరున ఉన్న ఆస్తిని కుటుంబ ఒప్పందంతో పంచుకుంటామంటే కుదరదు, కంపెనీ కుటుంబ సభ్యుడు కాదు కదా. అందుకే ముందు డీమెర్జర్, తర్వాత ఒప్పందం. పన్ను శాఖ అడిగితే తగవు ఉందని చూపించే కాగితాలు ఉండాలి. మీ ఇంట్లో అవి లేవు, మౌనమే ఉంది.

మార్చుకునేటప్పుడు విలువలు కూడా సమానం కావు. సరిదిద్దిన లెక్కలో మిల్లు 60, ఫ్యాక్టరీ 50. మిల్లు కింద స్థలం కూడా ఉంది. చిన్నాన్న మిల్లు తీసుకుంటే ఆయనే మీకు ఎదురు డబ్బు ఇవ్వాల్సి రావచ్చు. మీరు రాసిన ఉత్తరం చదివితే అందుకు తలకిందులుగా ఆలోచిస్తున్నారనిపించింది.

బ్యాంకు సంగతి దీనికంటే బరువైనది. ఇప్పుడు ఒకే క్యాష్ క్రెడిట్ లిమిట్ అటూ ఇటూ జరుగుతోంది. చలికాలంలో మిల్లు సొంతంగా కొనే ధాన్యానికి, ఎండలు ముదిరేసరికి మీ పిక్కలకు. రెండు కంపెనీలైతే రెండు లిమిట్లు, ఎవరి అవసరం ఎక్కువున్న నెలకు వాళ్లది సరిపోవాలి, అంటే రెండూ కలిపి ఇప్పటికంటే పెద్దవి. పిక్కల ధర పడిపోయిన ఏడాది వాయిదాకు మిల్లు ధాన్యం డబ్బు ఆదుకుంది కదా, విడిపోయాక ఆ ఆసరా ఉండదు. ఆ సంగతి తెలిసిన బ్యాంకు వడ్డీ పెంచుతుంది, లేదా ఇంకా తాకట్టు అడుగుతుంది. చిన్నాన్న ఇల్లు ఏ కంపెనీ వైపు వెళ్తుంది? జీడి కంపెనీకి ఆయన ఇల్లు ఆయన ఎందుకు పెడతారు? దీనికి జవాబు లేకుండా లాయరు దగ్గరికి వెళ్లకండి. బ్యాంకు మేనేజరుతో ముందు నోటిమాటగా మాట్లాడి, విడిగా అయితే ఎంత లిమిట్, ఏ తాకట్టు అని అడిగి తెలుసుకోండి. చాలా డీమెర్జర్లు ఆగేది ట్రైబ్యునల్లో కాదు, ఇక్కడే.

ఇన్ని చెప్పినా ఆ దారి తప్పని నేను అనను. విడిపోతే మీరు ఏ పిక్కలు ఎంతకు కొనాలో చిన్నాన్న సంతకం కోసం ఎదురుచూడక్కర్లేదు. ధర తక్కువున్న వారంలో కొనలేక ఎన్నిసార్లు నష్టపోయారో లెక్క తీయండి. ఆ నష్టం ఏటా పది, పదిహేను లక్షలు ఉంటే, అది విడిపోవడం వల్ల నిజంగా పుట్టే విలువ. పెరిగే వడ్డీ, రెండో ఆడిట్, గోడౌను అద్దెతో దాన్ని పోల్చి చూడాలి. ఊరికే ‘స్వేచ్ఛగా ఉంటుంది’ అంటే దానికి ధర కట్టలేం.

మూడోది, కోటి తెచ్చే మదుపరి. రెండున్నర కోట్ల వ్యాపారంలో ఆయన కోటి కొత్తగా పెడితే మొత్తం మూడున్నర, ఆయన వాటా సుమారు 29 శాతం. ఇక్కడ తేడా గమనించండి. కొత్త షేర్లకు ఇచ్చిన డబ్బు ఫ్యాక్టరీలోనే ఉంటుంది. పాత షేర్లు అమ్మితే అమ్మినవాళ్లకు పోతుంది. 2024లో హ్యుందాయ్ ఇండియా ఐపీఓలో 27 వేల కోట్లకు పైగా వచ్చినా అంతా కొరియాలోని మాతృ సంస్థకే వెళ్లింది, ఇక్కడి కంపెనీకి రూపాయి రాలేదు. మీ ఆయన ‘కోటి తెచ్చుకో’ అన్నప్పుడు ఆయన మనసులో ఏది ఉందో అడగండి.

కోటితో ఏం చేస్తారు? కలర్ సార్టర్, తొక్కు తీసే యంత్రాలు పెడితే బద్ద తగ్గి, గుండు పప్పు పెరిగి ఏటా ఇంకో 25 లక్షలు వస్తాయని రాశారు. సరే, 75 లక్షలకు ఐదు రెట్లు మూడు కోట్ల డెబ్భై ఐదు. అందులో మీ 71 శాతం రెండు కోట్ల అరవై ఎనిమిది. ఇప్పుడున్న రెండున్నర కంటే 18 లక్షలు ఎక్కువ. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఫ్యాక్టరీని పూర్తిగా సొంతమైన అనుబంధ కంపెనీకి బదిలీ చేసినప్పుడు ఇచ్చే పన్ను మినహాయింపు, ఎనిమిదేళ్లలోపు ఆ కంపెనీలో మీ వాటా నూరు శాతం కంటే తగ్గితే వెనక్కి పోతుంది. మదుపరి వచ్చిన రోజే ఆ 17, 18 లక్షల పన్ను మళ్లీ తలుపు తడుతుంది. వచ్చింది వచ్చినట్టే పోయింది.

పైగా 25 శాతం దాటినవాడు ప్రత్యేక తీర్మానాన్ని అడ్డుకోగలడు. ఎందుకంటే దానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. చిన్నాన్న సంతకం తప్పించుకోబోయి ఇంకొకరి సంతకం కొనుక్కున్నట్టవుతుంది. అదే కోటి టర్మ్ లోనుగా తెస్తే వడ్డీ 10 లక్షలు, వచ్చేది 25, మిగిలిన 15 మీ కంపెనీదే. యంత్రాల వల్ల పుట్టే విలువకు కార్వ్ అవుట్ అక్కర్లేదు. పిక్కల ధర మీద అంత భయం ఉంటే, నష్టం పంచుకునేవాడు కావాలనుకుంటే, అప్పుడు మదుపరికి అర్థం ఉంది. ఐపీఓ గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను. 2025లో సెబీ చిన్న, మధ్యతరహా సంస్థల ఎస్‌ఎంఈ ఐపీఓలకు నిబంధనలు బిగించింది. గత మూడేళ్లలో రెండేళ్లయినా వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు కార్యకలాపాల లాభం కోటి ఉండాలి. సరిదిద్దిన లెక్కలో మీ ఫ్యాక్టరీ ఆ గీత దగ్గర అటూ ఇటూ ఊగుతోంది.

నా మనసులో మాట అడిగారు కాబట్టి చెబుతాను. చిన్నాన్నకు కావాల్సింది ఫ్యాక్టరీ పోవడం అని నాకు అనిపించడం లేదు. ఇల్లు తాకట్టులోంచి బయటికి రావాలన్నదే ఆయన బెంగ కావచ్చు. అమ్మిన డబ్బుతో నాలుగున్నర కోట్ల అప్పు తీరితే ఇల్లు విడుదల అవుతుందని ఆయన లెక్క. మీ కంపెనీ పేరున ఏ తాకట్టూ లేని స్థలం ఒకటి ఆస్తుల జాబితాలో కనిపించింది, రైల్వే గేటు దగ్గరిది. దాన్ని బ్యాంకుకు చూపించి ఆ ఇంటిని విడిపించే మాట ముందు నడపండి. అది కుదిరాక కూడా ఆయన అమ్మేద్దామంటే, అప్పుడు నిజంగా జీడి వ్యాపారం మీద ఆయన అభిప్రాయమే వేరని తెలుస్తుంది. ఏడున్నరకు బేరం పెట్టాలా, విడిపోవాలా అన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు.

నాన్న మౌనం గురించి ఒక్క మాట. సగం వాటా ఆయనది, మీది కాదు. సరిదిద్దిన లెక్క ముందు ఆయనకు చూపించండి, మీ ఆయనకు కాదు. మిల్లు సున్నా కాదని ఆయనకు ఎప్పటి నుంచో తెలిసి ఉండొచ్చు. మీ మనసు నొచ్చుకుంటుందని చెప్పలేకపోయారేమో.

పలాస ఆయనకు ఏ జవాబు చెప్పినా తేదీ చూసుకుని చెప్పండి. ఆయన 7 కోట్లు నాలుగున్నర కోట్ల సగటు స్టాకు మీద వేసిన ధర. సీజన్ మొదలవక ముందు గోడౌన్లో అంత సరుకు ఉండదు, కొనుగోళ్లు ముగిశాక ఇంకా ఎక్కువ ఉంటుంది. అప్పగించే రోజున తూకం వేసి, సగటు కంటే తక్కువుంటే అంత తగ్గించేలా, ఎక్కువుంటే అంత కలిపేలా ఒప్పందంలో రాయించకపోతే, మే నెలాఖరున తాళాలు ఇచ్చి కోటి రూపాయల పిక్కలు ఊరికే ఇచ్చినవాళ్లవుతారు.